మేనేజర్ వెళ్తుంటే మార్చి జీతాలు ఎవరి చేతిలో?

హైదరాబాద్ ఆఫీసుల్లో టీమ్ మేనేజర్ రాజీనామా చాలావరకు నాలుగు లైన్ల మెయిల్‌తో అయిపోతుంది. వ్యక్తిగత కారణాల వల్ల తప్పుకుంటున్నాను, ఇన్నాళ్లూ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, నోటీస్ పీరియడ్ పూర్తిచేస్తాను. అసలు అప్పగింతను అందరూ ‘కేటీ’ అంటారు. అది చివరి వారంలో రెండు మూడు మీటింగులుగా జరుగుతుంది. వెళ్లేవాళ్లు గబగబా చెబుతారు, వచ్చినవాళ్లు తల ఊపుతారు, ఎవరో ఒక ఎక్సెల్ షీట్ పంపిస్తారు. ఆ షీట్‌లో ప్రాజెక్టుల పేర్లు, ఒక్కోదాని పక్కన 70 శాతం, 90 శాతం అని అంకెలు ఉంటాయి. నెల తిరిగేసరికి ఒక క్లయింట్ ఫోన్ చేస్తాడు. “మీ పాత మేడమ్ ఈ నెల చేస్తామన్నారు గదా?” ఆ మాట షీట్‌లో ఉండదు.

మేనేజర్ చేతిలో ఫైళ్ల కంటే ఇచ్చిన మాటలే ఎక్కువ. ఫైళ్లు కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. ఎవరికి ఏం చెప్పాం, ఎవరి జవాబు కోసం ఆగి ఉన్నాం, ఏ తేదీ దాటితే ఏది చెడుతుంది అనేవి మాత్రం ఒకే మనిషి దగ్గర ఉంటాయి. రాజీనామా ఉత్తరానికి జతచేసే పెండింగ్ పనుల జాబితా వీటిని బయటికి తీయాలి. తీయకపోతే అది ఎంత పొడుగున్నా లాభం లేదు.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. మనుషులు, కంపెనీ, అంకెలు కల్పించినవి. తేదీలు, చట్టాలు, పని జరిగే తీరు మాత్రం ఉన్నవే. మాదాపూర్‌లో ఒక సంస్థ ఇతర కంపెనీలకు జీతాల లెక్కలు చేసిపెడుతుంది. అక్కడ ఎనిమిది మంది ఉన్న ఒక పేరోల్ టీమ్‌కు ఆమె మేనేజర్. చేతిలో పదకొండు క్లయింట్ కంపెనీలు. 2026 ఫిబ్రవరి 2, సోమవారం నాడు ఆమె రాజీనామా ఇస్తోంది. నోటీస్ 60 రోజులు.

పేరోల్‌లో కొత్త సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. పైగా ఈసారి ఆ రోజున 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. అంటే మార్చి జీతాలు పాత చట్టం కింద, ఏప్రిల్ జీతాలు కొత్త చట్టం కింద. ఆమె వెళ్లేది సరిగ్గా ఆ రెంటి మధ్య.

ముందు చివరి రోజు సంగతి. ఇది చిన్న లెక్కలాగే ఉంటుంది గానీ గొడవలు చాలావరకు ఇక్కడే వస్తాయి. ఫిబ్రవరి 2న ఉత్తరం ఇస్తే నోటీస్ ఆ రోజు నుంచి మొదలవుతుందా, మర్నాటి నుంచా? కొన్ని కంపెనీల నియమావళిలో స్పష్టంగా ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. మర్నాటి నుంచి లెక్కేస్తే ఫిబ్రవరిలో 26 రోజులు, మార్చిలో 31, ఏప్రిల్‌లో 3. అంటే 60వ రోజు ఏప్రిల్ 3, శుక్రవారం. అది గుడ్ ఫ్రైడే. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు తిరిగి తీసుకునేవాళ్లు, సంతకాలు పెట్టేవాళ్లు ఆ రోజు ఆఫీసులో ఉండరు. అందుకని ఉత్తరంలో ‘60 రోజుల తర్వాత’ అని వదిలేయకూడదు, తేదీ వేయాలి. ఏప్రిల్ 2న రిలీవ్ చేయమని అడిగి, ఒప్పుకున్నట్టు హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తెప్పించుకోవాలి. ఒప్పుకోకపోతే తర్వాతి పనిదినం ఏప్రిల్ 6, సోమవారం.

ఉత్తరం పంపే ముందే ఆ తేదీని తన చేరిక తేదీతో పోల్చి చూసుకోవాలి. మామూలు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే అయిదేళ్ల నిరంతర సేవ ఉండాలి. 2021 ఏప్రిల్ రెండో వారంలో చేరిన మనిషి 2026 ఏప్రిల్ 2న వెళ్తే అయిదేళ్లకు కొద్ది రోజులు తక్కువవుతాయి. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలునన్న వాదన కోర్టుల్లో నిలిచిన సందర్భాలున్నాయి. కానీ ఒక వారం ఆగితే తేలిపోయే విషయానికి వాదన దాకా ఎందుకు? జీతం బకాయి విషయంలో వేతనాల కోడ్ సూటిగానే ఉంది. రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇవేవీ ఉత్తరంలో రాయక్కర్లేదు. వీటన్నిటికీ ఆధారం మాత్రం ఉత్తరంలో వేసిన తేదీయే.

ఇక ఉత్తరం. రాజీనామా, పెండింగ్ పనుల జాబితా ఒకే కాగితం మీద ఉండకూడదని నేను గట్టిగా చెబుతాను. రాజీనామా హెచ్‌ఆర్ ఫైల్లో ఏళ్ల తరబడి ఉంటుంది, తర్వాత ఎవరెవరో చూస్తారు. పనుల జాబితా ప్రతి వారం మారుతుంది, టీమ్ చేతుల్లో తిరుగుతుంది. క్లయింట్ల రహస్యాలు హెచ్‌ఆర్ ఫైల్లోకి పోకూడదు, ఆమె సొంత విషయాలు టీమ్ చేతుల్లోకి పోకూడదు. కాబట్టి ఉత్తరం ఒక పేజీ, జాబితా దానికి అనుబంధం. ఆఫీసులో ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది. తెలుగులో ఇలా ఉంటుంది:

“అయ్యా, పేరోల్ సేవల విభాగంలో టీమ్ మేనేజర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా నియామక పత్రం ప్రకారం నోటీస్ గడువు 60 రోజులు. అది 2026 ఏప్రిల్ 3తో ముగుస్తుంది. ఆ రోజు సెలవు కాబట్టి ఏప్రిల్ 2ను నా చివరి పనిదినంగా అంగీకరించి, ఆ మాట రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఫిబ్రవరి, మార్చి జీతాల పని నా బాధ్యతలోనే పూర్తవుతుంది. పెండింగ్‌లో ఉన్న పనులు, వాటిని అప్పగించే క్రమం అనుబంధంలో ఉన్నాయి. నా స్థానంలోకి వచ్చేవారిని, లేదా తాత్కాలికంగా బాధ్యత తీసుకునేవారిని ఫిబ్రవరి 16లోగా నిర్ణయిస్తే రెండు నెలల జీతాల పనినీ వారితో కలిసి చేయగలను. అనుబంధాన్ని ప్రతి శుక్రవారం సరిచేసి మీకు పంపుతాను.”

ఇంతే. ఎందుకు వెళ్తోందో ఇందులో లేదు. ఉండాల్సిన అవసరం లేదు. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే దానికి వేరే ఉత్తరం, వేరే దారి. తన తర్వాత ఎవరు రావాలో కూడా ఇందులో లేదు. టీమ్‌లో సీనియర్ ఒకరు ఈ పనికి సరిపోతారని ఆమెకు గట్టిగా అనిపించవచ్చు. అది పైఅధికారికి నోటితో చెప్పాలి. కాగితం మీద ఒకరి పేరు రాస్తే, కంపెనీ వేరేవాళ్లను తీసుకున్నప్పుడు ఆ రాసిన పేరు మనిషినీ, వచ్చిన మనిషినీ ఇద్దర్నీ ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది.

ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం ఫిబ్రవరి 16 ఉన్నది. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

అరవై రోజులంటే చాలా సమయంలా ఉంటుంది. కానీ జీతాల పని నెలకోసారి తిరిగే చక్రం. 20, 21 తేదీల్లో హాజరు వివరాలు వస్తాయి. 25 లోపు లెక్క పూర్తవుతుంది. క్లయింట్ సరేనన్నాక బ్యాంకు ఫైలు వెళ్తుంది, నెలాఖరుకు జీతం పడుతుంది. తర్వాతి నెల 7వ తేదీలోగా టీడీఎస్, 15వ తేదీలోగా పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. మధ్యలో 10వ తేదీకి వృత్తి పన్ను. మార్చి నెల టీడీఎస్‌కు మాత్రం ఏప్రిల్ 30 వరకు గడువుంటుంది. ఈ చక్రం మొదటి నుంచి చివరిదాకా ఆమె నోటీస్ కాలంలో ఎన్నిసార్లు తిరుగుతుంది? ఫిబ్రవరిది ఒకటి. మార్చిది జీతం పడేవరకే, కట్టుబడులన్నీ ఆమె వెళ్లాకే. అంటే ఆమె దగ్గరున్నది 60 రోజులు కాదు, ఒకటిన్నర చక్రం.

అప్పగింతకు కనీసం రెండు చక్రాలు కావాలి. మొదటిదాంట్లో కొత్త మనిషి పక్కన కూర్చుని చూడాలి, రెండోదాంట్లో తాను చేయాలి, పాత మనిషి చూస్తూ ఉండాలి. ఫిబ్రవరి 20న హాజరు వివరాలు వచ్చేటప్పటికి కొత్త మనిషి కుర్చీలో లేకపోతే, చూడాల్సిన చక్రం పోయినట్టే. ఫిబ్రవరి 16 అందుకే వచ్చింది. ఆడిటింగ్ అయినా, పత్రిక ప్రచురణ అయినా, దుకాణాల సరుకు లెక్క అయినా, మేనేజర్ ముందుగా వేసుకోవాల్సిన లెక్క ఇదే. నా పనిలో ఒక పూర్తి చుట్టు ఎన్ని రోజులు, నా నోటీస్‌లో ఎన్ని చుట్లు పడతాయి?

మార్చిలో పండగలూ ఉన్నాయి. 19న ఉగాది, ఆ వెంటనే రంజాన్, తర్వాతి వారంలో శ్రీరామనవమి. హాజరు వివరాలు వచ్చే రోజుల్లోనే ఇవన్నీ. నోటీస్‌లో సెలవు పెడితే చాలా కంపెనీలు అన్ని రోజులు చివరి తేదీని ముందుకు జరుపుతాయి. కాబట్టి ప్లాన్‌లో ఈ తేదీలు ముందే గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు జాబితా. ‘90 శాతం పూర్తి’ అన్న మాటను నేను ఎక్కడ చూసినా అనుమానిస్తాను. మిగిలిన పది శాతంలో ఏముందో అది చెప్పదు. ఆ పది శాతమే మూడు నెలలు పట్టేది కావచ్చు, అవతలివాళ్ల ఒక్క సంతకం కోసం ఆగి ఉన్నది కావచ్చు. దాని బదులు ప్రతి పనికీ నాలుగు విషయాలు రాస్తే చాలు. ఆఖరుగా జరిగింది ఏమిటి, తర్వాతి అడుగు ఎవరిది, ఏ తేదీ దాటితే ఏం చెడుతుంది, ఎవరికి ఏం మాట ఇచ్చాం. జాబితా వరస కూడా ప్రాజెక్టుల పేర్లను బట్టి కాకుండా ఆ మూడో ప్రశ్నకు జవాబుగా వచ్చే తేదీని బట్టి ఉండాలి. ముందుగా చెడేది పైన.

మన మేనేజర్ జాబితాలో ఒక అంశాన్ని పూర్తిగా చూద్దాం. విజయవాడలో ఒక ఆస్పత్రి, 412 మంది ఉద్యోగులు. కొత్త క్లయింట్. ఆస్పత్రివాళ్లు ఇన్నాళ్లూ సొంతంగా జీతాల లెక్క చేసుకున్నారు. ఇప్పుడు ఈ సంస్థ సాఫ్ట్‌వేర్‌లోకి మారుతున్నారు. మార్చేముందు ఒకటి రెండు నెలలు పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన నడుపుతారు. దీన్ని ప్యారలల్ రన్ అంటారు. ప్రతి మనిషి చేతికొచ్చే జీతం రెండింటిలోనూ ఒక్కటిగా వస్తేనే పాతదాన్ని ఆపేస్తారు. మామూలు షీట్‌లో ఇది ‘ఆస్పత్రి మార్పిడి, 90 శాతం’ అని ఉంటుంది. ఆమె రాసింది ఇది:

“జనవరి ప్యారలల్ రన్‌లో 29 మందికి తేడా వచ్చింది. 23 మందిది రాత్రి డ్యూటీ అలవెన్సు. ఆస్పత్రి రాత్రి డ్యూటీలను 21 నుంచి తర్వాతి నెల 20 వరకు లెక్కిస్తుంది, మనం 1 నుంచి నెలాఖరు వరకు తీసుకున్నాం. సరిచేశాం. ఫిబ్రవరి రన్‌లో మళ్లీ చూడాలి. మిగిలిన ఆరుగురు నెల మధ్యలో చేరినవాళ్లు. వాళ్ల జీతాన్ని ఆస్పత్రి 30తో భాగిస్తుంది, మన సాఫ్ట్‌వేర్ ఆ నెలలో ఉన్న రోజులతో భాగిస్తుంది. ఏది ఉంచాలో ఆస్పత్రి పరిపాలనాధికారి చెప్పాలి. జనవరి 29న మెయిల్ పెట్టాం, జవాబు రాలేదు. ఫిబ్రవరి 13న నేను ఫోన్ చేస్తాను. మార్చి 16లోగా రాతపూర్వకంగా జవాబు లేకపోతే మార్చి జీతాలను మన సాఫ్ట్‌వేర్ నుంచి వేయకూడదు, మార్పిడిని వాయిదా వేయాలి. హెచ్చరిక: ఫిబ్రవరిలో నెల మధ్యలో ఎవరూ చేరకపోతే ఈ ఆరుగురి తేడా కనబడదు. అంతా సరిపోయిందని అనుకోవద్దు. ఏప్రిల్‌లో 30 రోజులే కాబట్టి రెండు లెక్కలూ ఒకటే చూపిస్తాయి. మే నెలలో తేడా మళ్లీ వస్తుంది.”

ఆ హెచ్చరిక విలువ మొత్తం జాబితాకు ఉన్నంత. ఫిబ్రవరి రన్‌లో తేడాలు సున్నా అని చూసి కొత్త మేనేజర్ సంతోషంగా మార్పిడి పూర్తిచేసేవాడు. ఏప్రిల్‌లో ఏమీ తెలిసేది కాదు. మే నెలలో కొత్తగా చేరిన నర్సులు జీతం తక్కువ పడిందని వచ్చినప్పుడు, జనవరిలో అడిగిన ఒక ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి ఎవరికీ తట్టదు. తనంతట తాను మాయమై మళ్లీ వచ్చే లోపాలు ప్రతి పనిలోనూ ఉంటాయి. వెళ్లే మనిషి ఒక సాయంత్రం వీటి కోసమే కూర్చోవాలి. ఏది ఇప్పుడు బాగున్నట్టు కనిపిస్తోంది గానీ నిజానికి కాదు అని తనను తాను అడుగుతూ.

రెండో అంశం కొత్త పన్ను చట్టం. ఇక్కడ పని ఎక్కువగా సాఫ్ట్‌వేర్ టీమ్‌ది. ఆర్థిక సంవత్సరం, మదింపు సంవత్సరం అనే జంట పోయి ‘పన్ను సంవత్సరం’ అనే ఒకే మాట వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ఆమె జాబితాలో దీనికి నాలుగు లైన్లే. కానీ అందులో ఒక గీత స్పష్టంగా గీసింది: మార్చి వరకు పడిన జీతాలకు సంబంధించిన పన్ను కాగితాలన్నీ, జూన్ 15లోగా ఉద్యోగులకు ఇవ్వాల్సిన ఫారం 16 సహా, పాత చట్టం ప్రకారమే. ఏప్రిల్‌లో కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు పాత ఫారాల నమూనాలు చెరిగిపోకూడదు. చెరిగాయో లేదో చూడటానికి ఏప్రిల్ మొదటి వారంలోనే ఒక్క ఉద్యోగికి ఫారం 16 తయారుచేసి చూడమని రాసింది. జూన్‌దాకా ఆగితే తప్పు బయటపడేసరికి దిద్దుకునే వ్యవధి ఉండదు.

మూడోది జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ. కొత్త లేబర్ కోడ్‌లలో ‘వేతనం’ నిర్వచనం మారింది. అలవెన్సుల వంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలపాలి. మూల వేతనం తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా పెట్టుకున్న కంపెనీలకు దీంతో గ్రాట్యుటీ భారం పెరుగుతుంది. పీఎఫ్‌ను 15,000 రూపాయల పరిమితి మీదే కడుతున్నవారికి చేతికొచ్చే జీతం మారదు, పూర్తి మొత్తం మీద కట్టేవారికి మారవచ్చు. ఫ్యాక్టరీ యాజమాన్యం ఇంకా తేల్చుకోలేదు. ఇక్కడ ఆమె జాబితాలో రాయాల్సిన మాట ఒక్కటే: నిర్ణయం వాళ్లది, మనం మూడు రకాల లెక్కలు వేసి ఇచ్చాం, వాళ్లు ఎంచుకున్నది రాతపూర్వకంగా వచ్చేవరకు జీతం నిర్మాణాన్ని ముట్టుకోకూడదు. పని మన దగ్గర ఆగిందా, అవతల ఆగిందా అన్నది జాబితాలో తెలియకపోతే, కొత్తగా వచ్చినవాళ్లు ఉత్సాహంతో అవతలివాళ్ల నిర్ణయాన్ని తామే తీసేసుకుంటారు.

అదే ఫ్యాక్టరీతో ఇంకో సంగతి ఉంది. ఇది ఏ మెయిల్‌లోనూ లేదు. జనవరిలో ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ అధికారి ఫోన్ చేసి, కార్మికుల ఇంక్రిమెంట్ అక్టోబరు నుంచి వర్తిస్తుందని, మూడు నెలల బకాయి ఎప్పుడు వేస్తారని అడిగాడు. మార్చి జీతంతో వేస్తామని ఆమె అంది. అతను ఆ మాటను యూనియన్‌కు చెప్పాడు. ఇప్పుడు ఆ మాట వందల ఇళ్లలో ఉంది. నోటితో ఇచ్చిన మాటలను బయటికి తీయడానికి ఆమె ఒక పద్ధతి పాటించింది. గత మూడు నెలల కాల్ లిస్టు, వాట్సాప్ చాట్లు, క్యాలెండర్‌లో మీటింగులు ముందేసుకుని, ఒక్కొక్క పేరు దగ్గర ఆగి ‘ఇతనికి నేనేమైనా చేస్తానన్నానా?’ అని చూసుకుంది. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే అయిదో ఆరో గుర్తొస్తాయి. కాల్ లిస్టు పట్టుకుని కూర్చుంటే అంతకు రెట్టింపు దొరుకుతాయి. దొరికిన ప్రతి మాటకూ అవతలివాళ్లకు ఒక మెయిల్ వెళ్లాలి: “ఫలానా రోజు ఫోన్‌లో అనుకున్నట్టు బకాయిలు మార్చి జీతంతో పడతాయి, దానికి మీ ఆమోదిత జాబితా మార్చి 10లోగా మాకు చేరాలి.” అప్పుడు ఆ మాట ఆమెది కాకుండా సంస్థది అవుతుంది. వాళ్ల వైపు బాధ్యత కూడా కాగితం మీదికి వస్తుంది.

ఒక మాట మాత్రం ఈ జాబితాలోకి రాకూడదు. టీమ్‌లో ఒకమ్మాయికి ఈ ఏప్రిల్‌లో ప్రమోషన్ కోసం గట్టిగా చెబుతానని ఆమె మాటిచ్చింది. ఇంకొకరి పనితీరు గురించి పైవాళ్లకు తెలియాల్సిన సంగతి ఉంది. జాబితా టీమ్ అంతా చూస్తుంది కాబట్టి ఇవి పైఅధికారికి విడిగా వెళ్లాలి. ప్రమోషన్ సంగతి ముఖ్యంగా రాతలో వెళ్లాలి. ఏం పని చేసింది, ఎప్పుడు చేసింది, ఎందుకు అర్హురాలు అని. వెళ్లే మేనేజర్ నోటి సిఫార్సుకు ఏప్రిల్‌లో విలువ ఉండదు. మేనేజర్ మారిన ఏడాది అప్రైజల్‌లో వెనకబడేవాళ్లను చాలాచోట్ల చూస్తాం. వాళ్ల పని చూసిన మనిషి లేదు, రాసిపెట్టిన కాగితం లేదు.

ఆమె పేరుతో ముడిపడి ఉన్న తాళాలు మరో ప్రమాదం. పాస్‌వర్డ్‌ల సంగతి అందరికీ గుర్తుంటుంది. అవి కూడా జాబితాలో రాయకూడదు. ఏ పాస్‌వర్డ్ ఎక్కడ భద్రపరిచి ఉంది, తెరిచే అధికారం ఎవరికుంది అన్నది మాత్రమే రాయాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఓటీపీ. ఏదో ఒక క్లయింట్ పోర్టల్లో, బ్యాంకు ఖాతాలో ఎప్పుడో హడావిడిలో ఆమె సొంత మొబైల్ నంబర్ ఇచ్చి ఉంటుంది. ఆమె ఉన్నంతకాలం ఓటీపీ వస్తుంది, చెబుతుంది, పని జరుగుతుంది. వెళ్లాక, 15వ తేదీ సాయంత్రం పీఎఫ్ కట్టాల్సినప్పుడు, ఆ ఓటీపీ మాజీ ఉద్యోగి జేబులో మోగుతుంది. డిజిటల్ సంతకం ఆమె పేరుతో ఉంటే చిక్కు ఇంకా పెద్దది. అది ఆమె వ్యక్తిగత సంతకంతో సమానం, టోకెన్‌ను మరొకరి చేతిలో పెట్టి వెళ్లడం తప్పు. కొత్తవారి పేరుతో తీసుకుని, ఆయా పోర్టళ్లలో నమోదు చేయించాలి. ఆ నమోదుకు రోజులు పడతాయి కాబట్టి అది చివరి వారం పని కాదు, మొదటి వారం పని. పరీక్ష తేలిక: ఫిబ్రవరి చక్రంలో తన ఫోన్‌కు వచ్చిన ప్రతి ఓటీపీనీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె రాసుకోవాలి. మార్చి చక్రంలో ఒక్కటి కూడా రాకూడదు.

ఇంత చెప్పాక, అసలు వచ్చేవాళ్లు ఎవరో తెలియని స్థితి గురించి మాట్లాడాలి. ఎందుకంటే చాలాసార్లు జరిగేది అదే. ఫిబ్రవరి 16 వస్తుంది, పైవాళ్లు ‘ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి’ అంటారు. అప్పుడు ప్లాన్ ఆగకూడదు. ఆమె టీమ్‌లోనే ఒకరిని తాత్కాలికంగా అడగాలి, పైఅధికారి ఆ సంగతి మెయిల్‌లో ఖాయం చేయాలి. ఆ సీనియర్‌కు ఇది ప్రమోషన్ హామీ కాదని అప్పుడే చెప్పాలి. అలా చెప్పకపోవడం వల్ల, తర్వాత బయటి నుంచి మేనేజర్ వచ్చిన నెలలోనే ఆ సీనియర్ కూడా రాజీనామా ఇవ్వడం మామూలుగా జరిగేదే. అప్పుడు అప్పగింత మొత్తం రెండోసారి పోయినట్టు.

ఫిబ్రవరి చక్రంలో ఆ సీనియర్ పక్కన ఉండి చూశాడనుకుందాం. ఇక్కడ ఆమె చేయాల్సింది చెప్పడం తక్కువ, చెప్పించుకోవడం ఎక్కువ. ప్రతి శుక్రవారం అరగంట కూర్చుని, జాబితాలో ఒక్కో అంశాన్ని అతనే ఆమెకు వివరించాలి. ఎక్కడ తడబడితే అక్కడ జాబితా సరిగా లేనట్టు. అతని తప్పు కాదు, రాసినదాని తప్పు. ఆ వాక్యాన్ని అక్కడికక్కడే ఇద్దరూ కలిసి తిరగరాయాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే మన ఆఫీసుల్లో ఎవరూ కాలేదని అనరు, అందులోనూ వెళ్లిపోతున్న మేడమ్‌తో.

మార్చి చక్రంలో అతను నడుపుతాడు. హాజరు వివరాలు రావడం మొదలుపెట్టాక ఆమె తన సీటు మార్చుకుని, అదే అంతస్తులో మరోచోట కూర్చోవాలి. సెలవు కాదు, అందుబాటులోనే ఉంటుంది. కానీ ఎవరూ అడగనిదే దేనిలోనూ కలగజేసుకోదు. ఎవరైనా వచ్చి అడిగిన ప్రతి ప్రశ్ననూ ఒక పుస్తకంలో రాసుకుంటుంది. ఆ ప్రశ్నలే జాబితాలో తప్పిపోయిన అంశాలు. మొదటి రోజు పది వస్తే, మూడో రోజుకు నాలుగు, వారం చివరికి ఒకటి రెండు వస్తే అప్పగింత జరుగుతున్నట్టు. వారమంతా ఒకే రకం ప్రశ్నలు వస్తుంటే ఆ పని ఇంకా ఆమె చేతిలోనే ఉన్నట్టు. ఒక్క ప్రశ్న కూడా రాకపోతే నేనైతే ఇంకా ఎక్కువ భయపడతాను. వాళ్లు ఆమెను అడగకుండా ఊహించి చేసేస్తున్నారేమో చూడాలి.

క్లయింట్లకు ఎప్పుడు చెప్పాలన్నది కంపెనీ నిర్ణయం. ఆమె తనంతట తాను ముందుగా చెప్పేయకూడదు, దాచిపెట్టి చివరి రోజు మెయిల్‌తో తేల్చకూడదు. పైఅధికారి సరేనన్నాక మార్చి మొదటి వారంలో ప్రతి క్లయింట్‌తో ముగ్గురూ కలిసి ఒక ఫోన్. ఆ ఫోన్‌లో ఆమె తక్కువ మాట్లాడాలి. పెండింగ్‌లో ఉన్నవి క్లయింట్‌కు కొత్త మనిషే చదివి వినిపించాలి. ‘ఇవేనా, ఇంకేమైనా ఉన్నాయా?’ అని అడగాలి. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ అధికారి బకాయి సంగతి ఎత్తబోయేలోగా కొత్త మనిషి నోటి నుంచే అది వస్తే, ఆయనకు ఆ తర్వాత ఎవరూ ధైర్యం చెప్పాల్సిన పని ఉండదు. ఆ నమ్మకం ఏ కాగితంలోనూ అప్పగించలేనిది. ఏళ్ల పరిచయంతో వచ్చిన చనువును ఒక్క ఫోన్‌తో మార్చలేం, కొన్నాళ్లు క్లయింట్లు కొంచెం గట్టిగానే ఉంటారు.

వెళ్లాక ఫోన్లు వస్తాయి. ఎత్తాలా? ఎత్తవచ్చు, జాబితాలో ఫలానా చోట ఉంది చూడు అని చెప్పవచ్చు. కానీ క్లయింట్ ఫైలు ఆమె వాట్సాప్‌కు పంపి చూడమనడం, ఆమె చూసిపెట్టడం ఇద్దరికీ ముప్పే. అందులో వందలమంది జీతాలు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. ఏప్రిల్ 2 తర్వాత ఆమె వాటికి బయటి మనిషి. అదే కారణంతో, వెళ్లేముందు ‘ఎందుకైనా మంచిది’ అని ఏ ఫైలునూ సొంత మెయిల్‌కు పంపుకోకూడదు.

ఏప్రిల్ 2న సంతకం చేసే జాబితాలో అన్నీ పూర్తయి ఉండవు. మార్చి టీడీఎస్ ఏప్రిల్ 30లోగా కట్టాలి, ఫారం 16లు జూన్‌లో, ఫ్యాక్టరీ నిర్ణయం ఎప్పటికో. ప్రతిదాని పక్కనా ఇప్పుడు బాధ్యుల పేరు ఉంటుంది, అది ఆమె పేరు కాదు. ఆ కాగితంలో ఆఖరున ఒక భాగం తీసుకునేవాళ్లు రాయడానికి ఖాళీగా ఉంచాలి. తమకు ఇంకా స్పష్టం కానిది, తాము చూడకుండా తీసుకున్నది, ఆమె రాసినదానితో తాము ఏకీభవించనిది. ఆ సీనియర్ అక్కడ, ఆస్పత్రి ఇంకా జవాబివ్వలేదు కాబట్టి మార్పిడిని జూన్ దాకా జరపడం మంచిదని తన చేత్తో రాశాడనుకోండి. ఆమె దాని కింద సంతకం చేస్తుంది, పైఅధికారికి ఒక ప్రతి వెళ్తుంది. ఆ అంశంలో ఇక నిర్ణయం అతనిది.